కొనేవారికీ బ్యాంకుకీ ఇచ్చే రైతు పరిచయపత్రం: దిగుబడి, పద్ధతి, స్థాయి ఉన్నదున్నట్టు రాసే విధానం

చింతామణి, శ్రీనివాసపుర, ములబాగిలు, బాగేపల్లి వైపు నుంచి బెంగళూరుకు కూరగాయలు పంపే తెలుగు రైతుల్లో చాలామంది ఇప్పుడు పక్క రైతుల సరుకు కూడా సేకరించి అమ్ముతున్నారు. సూపర్‌మార్కెట్ కొనుగోలు మేనేజరు, హోటల్ సప్లయర్, బ్యాంకు మేనేజరు, ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది ఒక్కటే: "మీ గురించి ఒక పేజీ రాసి పంపండి." ఆ పేజీ ఎలా రాయాలని అడుగుతున్నవారి కోసం ఈ మార్గదర్శి.

లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద చూపిస్తాం. చింతామణి తాలూకాలో టమాటా పండిస్తూ, పక్క ఊళ్ల రైతుల టమాటా కూడా కొని బెంగళూరుకు పంపే ఒక సాగుదారును ఊహించుకోండి. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. వాటి స్థానంలో మీ పట్టీల్లోని అంకెలు పెట్టుకోవాలి.

## 1. రాయడానికి ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పరిచయపత్రంలో రాసే ప్రతి అంకె వెనక ఒక కాగితం ఉండాలి. అందుకే ముందు కాగితాలు పోగుచేసి, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టండి. ముందుగా రాసేసి తర్వాత రుజువులు వెతికితే గుర్తున్న మంచి పంట అంకెలే పేజీ మీదికి వస్తాయి.

- గత మూడేళ్ల మండీ పట్టీలు, నేరుగా కొన్నవారి బిల్లులు
- ప్రతి సర్వే నంబరుకూ తాజా పహణి
- ఫ్రూట్స్ ఐడీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు
- నాటిన తేదీ, నాటిన విస్తీర్ణం రాసుకున్న పుస్తకం (లేకపోతే నర్సరీ నారు బిల్లులు)
- మందుల కొట్టు బిల్లులు, పిచికారీ తేదీలు
- ఇతర రైతుల దగ్గర కొన్న సరుకుకు విడిగా లెక్క

నర్సరీ బిల్లును తేలిగ్గా తీసుకోవద్దు. ఎన్ని నారు మొక్కలు కొన్నారో, వరుసల మధ్య, మొక్కల మధ్య ఎంత దూరం వదిలారో తెలిస్తే ఎంత విస్తీర్ణంలో నాటారో బయటికి వస్తుంది. "సుమారు మూడెకరాలు" అనుకున్నది లెక్క వేస్తే రెండెకరాల ఇరవై గుంటలే అవడం చాలా సందర్భాల్లో కనిపిస్తుంది.

## 2. భూమిని మూడు గడుల్లో రాయండి

"7 ఎకరాల రైతు" అనే మాట కొనేవారికి ఒకలా, బ్యాంకుకు మరోలా వినిపిస్తుంది. మన ఉదాహరణలో తండ్రి పేరున పహణి ఉన్నది 4 ఎకరాల 10 గుంటలు. గుత్తకు చేస్తున్నది 3 ఎకరాలు. ఒక్కో విడతలో టమాటా నాటేది రెండెకరాలకు అటూ ఇటూ. ఈ మూడింటినీ విడివిడిగా రాయాలి.

గుత్త భూమి పహణి మీ పేరున ఉండదు కాబట్టి తాకట్టు లెక్కలో బ్యాంకు దాన్ని చూడదు. కొనేవారికి మాత్రం ఆ భూమి ముఖ్యమే, సరుకు అక్కడినుంచీ వస్తుంది. దాచాల్సిన పని లేదు, కలిపేయకుండా ఉంటే చాలు.

భూమి ఇంకా తండ్రి పేరునో ఉమ్మడిగానో ఉంటే "కుటుంబ భూమి" అని రాయండి, "సొంత భూమి" అని కాదు. ఈ మాట ముందే చెప్పినవారిని మేనేజరు వంశవృక్షం, మిగతా వాటాదారుల సమ్మతి తెమ్మంటారు, పని ముందుకు నడుస్తుంది. చెప్పకపోతే న్యాయవాది పరిశీలనలో బయటపడి ఫైలు వెనక్కి వస్తుంది.

మరో తప్పు: ఐదు విడతల్లో నాటిన విస్తీర్ణం కూడితే పది ఎకరాలయిందని "పది ఎకరాల్లో టమాటా" అని రాయడం. అది మూడేళ్లలో నాటిన మొత్తమే కానీ భూమి కాదు.

## 3. దిగుబడి అంకెను తయారు చేయడం

పేజీ మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బెంగళూరులో పెద్ద మొత్తంలో టమాటా కొనేవారికి కోలారు, చింతామణి దిగుబడులు బాగా తెలుసు. "ఎకరాకు 40 టన్నులు" అని చూడగానే మిగతా పేజీ మీద కూడా వారికి నమ్మకం తగ్గుతుంది.

మొదట బాక్సు బరువు తేల్చండి. మన వైపు టమాటా లెక్క బాక్సుల్లో ఉంటుంది, బాక్సంటే 15 కిలోలని అందరూ అంటారు. కానీ నింపే చేతిని బట్టి, క్రేటును బట్టి అది మారుతుంది. ఒక కోత రోజున ఏవైనా పది బాక్సులు తూచి, ఖాళీ క్రేటు బరువు తీసేసి, సగటు కట్టండి. బాక్సుకు ఒక కిలో తేడా వచ్చినా మూడు వేల బాక్సుల మీద మూడు టన్నులు గల్లంతవుతాయి. మన ఉదాహరణలో నికరం 15 కిలోలే వచ్చిందనుకుందాం.

తర్వాత విడతలవారీగా పట్టీలు కూడండి. ఒక్క విడత కూడా వదలొద్దు, ముఖ్యంగా దెబ్బతిన్నదాన్ని.

- 2022 ఆగస్టు నాటు: 2 ఎకరాలు, 3,600 బాక్సులు, ఎకరాకు 27 టన్నులు
- 2023 ఫిబ్రవరి నాటు: 2.5 ఎకరాలు, 3,000 బాక్సులు, ఎకరాకు 18 టన్నులు
- 2023 సెప్టెంబరు నాటు: 2 ఎకరాలు, 4,240 బాక్సులు, ఎకరాకు 31.8 టన్నులు
- 2024 మార్చి నాటు: 1.5 ఎకరాలు, 2,300 బాక్సులు, ఎకరాకు 23 టన్నులు
- 2024 సెప్టెంబరు నాటు: 2 ఎకరాలు, 3,200 బాక్సులు, ఎకరాకు 24 టన్నులు

మొత్తం పది ఎకరాల నాటుకు 245 టన్నులు, అంటే సగటున ఎకరాకు 24.5 టన్నులు. కాగితం మీద పెట్టాల్సిన అంకె ఇది. 31.8 కాదు. ఆ అంకె కూడా నిజమే, కానీ ఐదింటిలో ఒక్కసారి వచ్చింది. "గరిష్ఠం 31.8, కనిష్ఠం 18" అని పక్కనే రాస్తే చదివేవారికి మొత్తం చిత్రం కనిపిస్తుంది.

ఇంకో మెట్టు దిగి కాలాన్ని బట్టి విడదీయండి. పైన వేసవి నాట్లు రెండు. నాలుగు ఎకరాల్లో 79.5 టన్నులు, ఎకరాకు దాదాపు 20. వానాకాలం నాట్లు మూడు. ఆరెకరాల్లో 165.6 టన్నులు, ఎకరాకు 27.6. ఒకే రైతు, అవే పొలాలు, మధ్యలో ఏడున్నర టన్నుల తేడా. వేసవిలో తెల్లదోమ ఎక్కువై ఆకుముడత వైరస్ వ్యాపిస్తుంది, నీరు తగ్గుతుంది, ఎండకు పూత రాలుతుంది. మే నెలకు సరుకు కావాలని అడిగే కొనుగోలుదారుకు 24.5 చూపించినా అది తప్పుదారి పట్టించినట్టే అవుతుంది. రెండు అంకెలూ ఇవ్వండి.

విత్తనం కంపెనీ అంకెను మీ అంకెగా రాయొద్దు. అర్క రక్షక్ టమాటాకు హెక్టారుకు 75 నుంచి 80 టన్నులు వస్తుందని హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ చెబుతుంది. ఎకరాకు లెక్కిస్తే 30 నుంచి 32 టన్నులు. అది ఆ రకం సామర్థ్యం. మీ పట్టీలు చెప్పేది మీ పొలం సంగతి.

ప్రతి అంకెకూ నాలుగు మాటలు తోడుండాలి: ఏ కాలానిది, ఎంత విస్తీర్ణానిది, కోసిందా అమ్మిందా, దేని ఆధారంగా. పట్టీల నుంచి తీసింది అమ్మిన సరుకు లెక్క. పొలంలోనే పారేసిన పగుళ్ల కాయ, పుచ్చు కాయ అందులో ఉండవు. కాబట్టి "అమ్మిన దిగుబడి" అని స్పష్టంగా రాయండి.

## 4. దిగుబడిని సరఫరాగా మార్చడం

కొనేవారికి ఎకరా దిగుబడి కంటే "మొదటి రకం, అంటే ఏ గ్రేడు సరుకు వారానికి ఎంత పంపగలరు" అన్నది కావాలి. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: పరిచయానికి సగటు, హామీకి కనిష్ఠం.

వానాకాలం నాట్లలో తక్కువ వచ్చింది ఎకరాకు 24 టన్నులు. రెండెకరాలకు 48. కోతలు ఎనిమిది వారాలు సాగుతాయనుకుంటే వారానికి సగటున 6 టన్నులు. గ్రేడింగులో ఏ గ్రేడు అరవై శాతం తేలుతుందని మీ లెక్క చెబితే వారానికి 3.6 టన్నులు, రోజుకు దాదాపు 500 కిలోలు.

కోతలు సమానంగా రావు. మొదటి వారం, చివరి వారం చాలా తక్కువ, మధ్యలో ఎక్కువ. అందుకే "మధ్య ఆరు వారాలు రోజుకు 500 కిలోల ఏ గ్రేడు" అని రాయాలి. మధ్యలో ఎక్కువొస్తే ఆ మిగులు మండీకి వెళ్తుంది. రోజుకు టన్ను అని రాసి మూడో వారంలో నిలబెట్టుకుని ఏడో వారంలో చేతులెత్తేసిన సరఫరాదారుకు రెండో ఆర్డరు రావడం కష్టం.

ఏ గ్రేడు శాతాన్ని ఊహించొద్దు. కొనేవారి గ్రేడు నిర్వచనం (సైజు, రంగు దశ, మచ్చలు) ముందు రాసి తెచ్చుకుని, వరుసగా నాలుగు కోతల్లో ఆ కొలతతో ఏరి, తూచి, రాసుకోండి. మండీలో మంచి సరుకు అనిపించుకున్నది సూపర్‌మార్కెట్ కొలతలో సగం కూడా నిలవకపోవచ్చు.

## 5. నీళ్లు: స్థాయికి అసలు హద్దు

కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల గురించి తెలిసిన ఏ బ్యాంకు అధికారైనా బోరు గురించి అడుగుతాడు. "రెండించుల నీళ్లు" అంటే మనకు తెలుసు, కానీ కాగితం మీద అది అంకె కాదు. ఏప్రిల్లో, నీళ్లు బాగా తగ్గినప్పుడు కొలవండి.

200 లీటర్ల డ్రమ్ము నిండడానికి 90 సెకన్లు పడితే గంటకు 8,000 లీటర్లు. త్రీఫేజ్ కరెంటు నికరంగా ఆరు గంటలు దొరికితే రోజుకు 48,000 లీటర్లు. నిండు కాపు మీదున్న టమాటాకు ఎండాకాలంలో డ్రిప్పు మీద కూడా ఎకరాకు రోజుకు 20,000 లీటర్ల దాకా కావాలి. అంటే ఈ బోరు వేసవిలో మోసేది రెండెకరాలు, కాస్త మిగులు.

పై జాబితాలో 2023 ఫిబ్రవరి నాటు చూడండి. రెండున్నర ఎకరాలు. 18 టన్నులకు పడిపోవడంలో వైరస్‌తో పాటు ఆ అదనపు అరెకరా పాత్ర కూడా ఉంది. "ఆ విడత తర్వాత వేసవి నాటును రెండెకరాల లోపే ఉంచుతున్నాం" అని ఒక్క వాక్యం రాస్తే చెడ్డ అంకెకు కారణమూ, మార్చుకున్న పద్ధతీ రెండూ కనిపిస్తాయి. బ్యాంకు అధికారికి ఇది ఎన్ని మంచి మాటలకంటేనైనా ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

## 6. పద్ధతులు: చేసినవే, రుజువున్నవే

"సేంద్రియ", "రసాయన రహిత", "అవశేషాలు లేని" అనే మూడు మాటలు ఎక్కువమందిని ఇబ్బందుల్లో పెడతాయి. ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్ ఇండియా ధ్రువపత్రం లేకుండా సేంద్రియ అని రాయొద్దు. ఎన్‌పీఓపీ కింద కూరగాయల వంటి ఏడాది పంటలకు మార్పు కాలం రెండేళ్లు. ఆ మధ్యలో ఉంటే "మార్పు దశలో ఉంది" అని, మొదలైన తేదీతో రాయండి.

ల్యాబు రిపోర్టు ఒక నమూనాకు, ఒక తేదీకి చెందింది. "అవశేషాలు లేని పంట" అని సాధారణంగా రాయకుండా, "ఫలానా నెల నమూనాలో పరీక్షించిన మందులు పరిమితి లోపల ఉన్నాయి, రిపోర్టు జతచేశాం" అని రాయండి.

వీటి బదులు రాయదగ్గవి సాదాగా ఉంటాయి: డ్రిప్పు, మల్చింగు షీటు, కట్టెలు పాతి తీగ కట్టడం, పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, టమాటా తర్వాత అదే మడిలో టమాటా వేయకపోవడం, పిచికారీకి కోతకు మధ్య మందు కరపత్రంలో చెప్పినన్ని రోజులు ఆగడం. ఈ చివరిదానికి పిచికారీ పుస్తకం ఉండాలి: తేదీ, మందు, మోతాదు, తర్వాతి కోత తేదీ. రెండు మూడు రోజులకొకసారి కోసే పంటలో ఇది పాటించడం కష్టమని కొనేవారికి తెలుసు, అందుకే పుస్తకమే చూపించమంటారు.

## 7. సొంత పంట, సేకరించిన సరుకు

రైతు నుంచి వ్యాపారిగా మారినవారి పత్రాల్లో అతిపెద్ద గందరగోళం ఇదే. మన ఉదాహరణలో 2024-25లో సొంత సరుకు 82.5 టన్నులు. కిలో సగటున రూ.14 చొప్పున 11.55 లక్షలు. ఇతరుల దగ్గర కొని అమ్మింది 190 టన్నులు, అమ్మకం 30.4 లక్షలు. రెండూ కలిపి "42 లక్షల టర్నోవరు" అని రాయడం సులువు.

బ్యాంకు చూసేది మిగులు. సొంత పంటకు ఎకరాకు రూ.1.9 లక్షలు ఖర్చయితే మూడున్నర ఎకరాలకు 6.65 లక్షలు పోయి, మిగిలింది 4.9 లక్షలు. సేకరణలో కొనుగోలు, రవాణా, కూలీ పోగా 2.3 లక్షలు. మొత్తం మిగులు 7.2 లక్షలు. ఏడేళ్లకు పది శాతం వడ్డీతో 20 లక్షలు అడిగితే ఏడాదికి కంతులే దాదాపు 4 లక్షలు. ఇంటి ఖర్చులు, పాత బాకీలు పోగా ఎంత నిలుస్తుందో మేనేజరు తన కాలిక్యులేటర్లో ఎలాగూ వేసుకుంటాడు. మీరే ముందు వేసుకుంటే అడగాల్సిన మొత్తం కూడా తేలుతుంది.

పన్ను వైపు కూడా ఇవి వేరు. మీరు పండించి అమ్మింది వ్యవసాయ ఆదాయం. కొని అమ్మింది వ్యాపార ఆదాయం. పత్రంలో కలిపేసి, రిటర్నుల్లో విడిగా ఉంటే ప్రశ్నలు తప్పవు.

ఇంకొక జాగ్రత్త. 2023 జులైలో కోలారు మండీలో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. ఆ నెలల్లో అమ్మిన సరుకుంటే దాన్ని విడిగా చూపి, అది లేకుండా సగటు ధర కట్టండి.

## 8. పేజీ రాయడం

ఇప్పుడు రాస్తే ఇలా వస్తుంది:

> చింతామణి తాలూకాలో టమాటా సాగు, సేకరణ. కుటుంబ భూమి 4 ఎకరాల 10 గుంటలు (పహణి తండ్రి పేరున), గుత్త భూమి 3 ఎకరాలు. ఏడాదికి రెండు విడతలు, విడతకు 1.5 నుంచి 2 ఎకరాల టమాటా.
>
> 2022 ఆగస్టు నుంచి 2024 సెప్టెంబరు వరకు నాటిన ఐదు విడతల్లో అమ్మిన సగటు దిగుబడి ఎకరాకు 24.5 టన్నులు (కనిష్ఠం 18, గరిష్ఠం 31.8). వానాకాలం నాటు 27.6, వేసవి నాటు 20. ఆధారం: మండీ పట్టీలు. 18 టన్నుల విడతలో ఆకుముడత వైరస్, నీటి కొరత. తర్వాత వేసవి నాటు 2 ఎకరాల లోపే.
>
> డ్రిప్పు, మల్చింగు, పంట మార్పిడి. పిచికారీ పుస్తకం ఉంది. సేంద్రియ ధ్రువపత్రం లేదు.
>
> 2024-25లో సొంత సరుకు 82.5 టన్నులు, సేకరించింది 190 టన్నులు.

కొనేవారికి పంపేటప్పుడు చివర "వానాకాలం నాటు కోతల మధ్య ఆరు వారాలు సొంత పొలం నుంచి రోజుకు 500 కిలోల ఏ గ్రేడు" అని చేర్చండి. ధర రాయొద్దు, అది కొటేషన్లో ఉండాలి. బ్యాంకుకు పంపేటప్పుడు ఆ వాక్యం తీసి, మిగులు లెక్క, ఉన్న అప్పులు, అడుగుతున్న మొత్తం, దేనికి అన్నవి చేర్చండి. మిగతా అంకెలు రెండు ప్రతుల్లోనూ ఒకటే ఉండాలి.

ముందు తెలుగులోనే రాసి సరిచూసుకుని, తర్వాత కన్నడంలోకో ఇంగ్లిషులోకో మార్పించండి. మార్చేవారికి "గుంట", "బాక్సు", "విడత" అంటే ఏమిటో చెప్పాలి. గుంటలను దశాంశాలుగా చదివితే 4 ఎకరాల 10 గుంటలు 4.10 ఎకరాలైపోతాయి. ఎకరాకు 40 గుంటలు కాబట్టి సరైనది 4.25. ఫొటోలు రెండు చాలు, మీ పొలానివే, తేదీతో.

## 9. తరచూ దొర్లే తప్పులు, సవరణలు

పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉండటం. తెలుగు కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్కులో పొడి అక్షరంగా, పహణిలో అసలు లేకుండా ఉంటుంది. పత్రంలో ఆధార్‌లో ఉన్నట్టే రాసి, తేడాలున్న కాగితాల పేర్లు బ్యాంకుకు ముందే చెప్పండి. సవరణ కుదిరేవరకు ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ అడగవచ్చు.

పహణిలో వేరే పంట. పంట సమీక్షలో ఆ మడికి రాగి అని నమోదై ఉంటే, మీరు రాసిన టమాటా అబద్ధంలా కనిపిస్తుంది. పత్రం ఇవ్వకముందే చూసుకుని, తప్పుంటే ఆక్షేపణ ఇచ్చి సరిచేయించుకోండి.

బంగారం మీద తీసుకున్న అప్పు మరచిపోవడం. నగల అప్పు అప్పే కాదని చాలామంది అనుకుంటారు. క్రెడిట్ రిపోర్టులో అది కనిపిస్తుంది. మీరు రాయనిది అక్కడ కనిపిస్తే మిగతా అంకెలను కూడా అనుమానంతో చూస్తారు. సొసైటీ అప్పు ఉంటే పహణిలోనే నమోదై ఉండవచ్చు, అదీ చూసుకోండి.

సేకరణ రైతులను "మా రైతులు" అనడం. ఒప్పందం లేకపోతే వారి విస్తీర్ణాన్ని మీ స్థాయిలో కలపొద్దు. "గత ఏడాది ఇంతమంది దగ్గర కొన్నాం, ఒప్పందాలు లేవు" అని రాయండి. ధర పెరిగినరోజు వారి సరుకు మండీకి వెళ్తుందని కొనేవారికి తెలుసు.

## 10. పంపే ముందు సరిచూసుకునేవి

- ప్రతి అంకె పక్కన కాలం, ఆధారం ఉన్నాయా?
- తక్కువ వచ్చిన విడత లెక్కలో ఉందా?
- కుటుంబ భూమి, గుత్త, నాటిన విస్తీర్ణం వేరుగా ఉన్నాయా?
- సొంత సరుకు, సేకరించిన సరుకు ఎక్కడైనా కలిసిపోయాయా?
- ఏప్రిల్ నీటి కొలత, చెప్పిన వేసవి విస్తీర్ణం సరిపోతున్నాయా?
- ధ్రువపత్రం లేని మాట ఏదైనా మిగిలిందా?
- పేజీ పైన తేదీ ఉందా?

ఒక్కో విడత చివరి పట్టీ వచ్చిన వారంలోనే అంకెలు మార్చండి. కొత్త విడత చేరినప్పుడు అన్నిటికంటే పాతది తీసేసి, ఎప్పుడూ ఇటీవలి ఐదు విడతలే ఉంచండి. బాగా వచ్చిందని పాత విడతను ఆపుకుంటే సగటుకు అర్థం పోతుంది. మన ఉదాహరణలో 2025 నాటు చేరగానే 2022 ఆగస్టు విడత తొలగి, ఐదు విడతల సగటు మళ్లీ కట్టాలి.